ఎనిమిదింటి నడక ఐదున్నరకు మారితే

రాజమండ్రిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ కథ ఇది. రోజూ రాత్రి 8 గంటలకు గోదావరి గట్టు మీద ముప్పావు గంట నడిచేవారు. ఇంటికొచ్చి స్నానం చేసి, తొమ్మిదిన్నరకు భోంచేసి, పదిన్నరకు పడుకునేవారు. నిద్ర మాత్రం పన్నెండు దాటితే గానీ పట్టేది కాదు. పట్టాక కూడా రెండుసార్లు బాత్‌రూమ్‌కు లేవాల్సిందే. ఒళ్లు అలిసిపోతే నిద్ర వస్తుందేమోనని నడకలో వేగం పెంచారు. దాంతో నిద్ర ఇంకా ఆలస్యమైంది.

నర్సుగా చేసిన చెల్లెలు ఒక మాట చెప్పింది: "నిద్ర సంగతి తర్వాత చూద్దాం అక్కా. ముందు పొద్దున్నుంచీ ఏ వేళ ఏం చేస్తున్నావో వారం పాటు రాసి పెట్టు."

క్యాలెండరు మీద రాసుకుంటూ పోతే అసలు విషయం బయటపడింది. సాయంత్రం ఐదున్నర నుంచి దాదాపు గంటసేపు పడక కుర్చీలో కునుకు తీస్తున్నారు. ఆ కునుకును ఆవిడ ఎన్నడూ నిద్రగా లెక్కేయలేదు.

మెలకువగా ఉన్న కొద్దీ నిద్ర అవసరం ఒంట్లో పెరుగుతూ వస్తుంది. సాయంత్రం గంట నిద్రపోతే అందులో కొంత తీరిపోతుంది, రాత్రికి తగ్గుతుంది. వయసు పైబడ్డాక శరీర గడియారం కాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి చాలామందికి పెందలాడే కళ్లు మూతలు పడతాయి. ఆ వేళ ఆరుబయట వెలుతురులో ఉంటే మగత వదులుతుంది.

అందుకే ఆవిడ నడకను సరిగ్గా కునుకు వేళకే, ఐదున్నరకు మార్చారు. దాంతో సాయంత్రం అంతా ముందుకు జరిగింది. భోజనం ఏడున్నరకే అయిపోయేది. నడిచొచ్చాక దాహంతో తాగే నీళ్లు కూడా పడుకునే లోపే బయటికి పోయేవి. నిద్రకు ముందు ఒంటి లోపలి వేడి మెల్లగా తగ్గాలి; పడుకోబోయే ముందు చెమటలు పట్టేలా నడిస్తే ఆ తగ్గడం ఆలస్యమవుతుంది. నిదానంగా నడిస్తే చాలామందికి రాత్రి నడక వల్ల ఇబ్బందేమీ ఉండదు. ఆవిడకు చెడు చేసింది కునుకు, వేగం, ఆలస్యపు భోజనం మూడూ కలిసి.

మొదటి వారం పెద్ద తేడా కనిపించలేదు. కునుకు పోయినందుకు ఎనిమిదింటికే కళ్లు వాలిపోయేవి, పట్టుబట్టి పది దాకా మేలుకున్నారు. రెండో వారం నుంచి పదకొండు లోపే నిద్ర పట్టసాగింది. రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది. మే నెలలో ఐదున్నరకు గట్టు మీద ఇంకా వేడి సెగ కొడుతుంటే నడకను ఆరుంబావుకు జరిపారు గానీ, కుర్చీలో మాత్రం కూర్చోలేదు.

ఇలా మార్చినా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయినా, కాళ్లు కదపకుండా ఉండలేకపోయినా, రాత్రి పదే పదే మూత్రానికి లేవాల్సి వస్తున్నా అది నడక వేళతో తీరేది కాదు. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు ఏ మాత్ర ఏ వేళ వేసుకుంటున్నారో కూడా రాసుకుని ఆ కాగితం డాక్టరుకు చూపించాలి.