3,000 డాలర్లు అడిగిన గుండె కథ

బెత్ డేవిడ్, ఎస్తెబాన్ బ్రావో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని రింగ్లింగ్ కళల కాలేజీలో చదువుకున్నారు. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇద్దరూ కలిసి ‘ఇన్ ఎ హార్ట్‌బీట్’ అనే నాలుగు నిమిషాల యానిమేషన్ సినిమా మొదలుపెట్టారు. 2016 చివర్లో కిక్‌స్టార్టర్ ద్వారా జనాన్ని 3,000 డాలర్లు సాయం అడిగితే, 400 మందికి పైగా కలిసి 14,000 డాలర్ల పైచిలుకు ఇచ్చారు. 2017 జులై 31న సినిమా యూట్యూబ్‌లోకి వచ్చింది. కోట్ల మంది చూశారు. ఆస్కార్ యానిమేషన్ లఘుచిత్రాల తుది వడపోతలో మిగిలిన పదింటిలో అదీ ఒకటి.

వాళ్ల కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. షెర్విన్ అనే కుర్రాడికి తన బడిలో చదివే జోనథన్ అంటే ఇష్టం. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని దాచుకుంటాడు. కానీ అతని గుండె ఛాతీలోంచి ఎగిరి బయటపడి, జోనథన్ వెంట పరుగెడుతుంది. వినగానే బొమ్మ కళ్లముందు కదులుతుంది. మంచి విన్నపానికి మొదట కావలసింది ఇదే. డబ్బు అడిగేనాటికి సినిమా ఉండదు. పాత్రల బొమ్మలు, కొన్ని రంగుల చిత్రాలు, స్టోరీబోర్డు గీతల్ని వరసగా పేర్చి చేసిన చిన్న వీడియో మాత్రమే ఉంటాయి. వాటిని చూసి అక్కడ ఏం జరుగుతోందో అర్థం కాకపోతే, దర్శకుడి ఆశయాల గురించి పేజీలకు పేజీలు రాసినా ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు.

ఈ సినిమాలో మాటలు లేవు. మాటలు లేకపోతే గొంతు ఇచ్చే నటులు అక్కర్లేదు, పెదాల కదలికను మాటకు సరిపెట్టే పనీ ఉండదు. భావమంతా మోయాల్సింది సంగీతం, చప్పుళ్లే. బొమ్మలకు ప్రాణం పోసే పని విద్యార్థులు కాలేజీలోనే చేసుకోగలరు. చేతకానిదల్లా స్వరాలు కట్టడం, శబ్దాలు కూర్చడం. వచ్చిన డబ్బు ఆ పనికే వెళ్లింది. అర్తూరో కార్దెలుస్ సంగీతం సమకూర్చారు, సౌండ్ డిజైనర్లూ తోడయ్యారు. తమవల్ల కాని పనికి మాత్రమే డబ్బు అడిగితే బడ్జెట్ చిన్నదవుతుంది, చదివేవాడికి నమ్మకమూ కుదురుతుంది.

చిన్న మొత్తం అడగడానికి ఇంకో కారణం ఉంది. కిక్‌స్టార్టర్‌లో గడువులోగా లక్ష్యం చేరకపోతే విద్యార్థులకు ఒక్క డాలరూ రాదు, ఇస్తామన్నవాళ్ల ఖాతాల్లోంచి ఏమీ పోదు. చేరితే సైటు వాటా 5 శాతం, పైన చెల్లింపుల రుసుము 3 శాతం చిల్లర పోతాయి. అంటే సరిగ్గా 3,000 వస్తే చేతికి అందేది సుమారు 2,750. ఈ కోత ముందే కలుపుకోకపోతే చివర్లో కొరత పడేది సంగీతానికే. అలాగే ఎక్కువ వస్తే ఏం చేస్తారో కూడా విన్నపంలోనే రాయాలి. ఇక్కడ అడిగినదానికి నాలుగు రెట్లకు పైగా వచ్చింది మరి.

బడ్జెట్‌కు ఎక్కువగా చిల్లు పడేది కానుకల దగ్గర. మన దగ్గర ఒక విద్యార్థి బృందం 1,000 రూపాయలిచ్చిన వారికి టీషర్టు పంపుతానందనుకుందాం. సైటు, చెల్లింపు రుసుములకు 80, ముద్రించిన టీషర్టుకు 350, ప్యాకింగ్, కొరియర్‌కు 120 పోతే సినిమాకు మిగిలేది 450. అదే 500 ఇచ్చిన వ్యక్తికి తెరమీద చివర్లో పేరు వేసి, సినిమా లింకు పంపితే, రుసుము 40 పోను 460 మిగులుతుంది. సగం డబ్బిచ్చిన మనిషి సినిమాకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టు! అందుకే స్టోరీబోర్డు పేజీల పీడీఎఫ్, పాత్రల వాల్‌పేపర్లు, గీసేటప్పుడు తీసిన వీడియో లాంటివే మేలు. చేత్తో గీసిన అసలు బొమ్మలుంటే, పెద్ద మొత్తం ఇచ్చే కొద్దిమందికి దాచాలి.

ఉచితంగా ఇచ్చే పేరుకూ జాగ్రత్త కావాలి. ఎవరి పేరు ఎలా పడాలో ఫారం పంపి, చివరి కాపీ తయారయ్యే ముందే తెప్పించుకోవాలి. తర్వాత తప్పు దొరికితే ఆ భాగం మళ్లీ రెండర్ చేయాలి. సినిమా లింకుదీ అంతే. ఆన్‌లైన్‌లో అందరికీ విడుదలైన సినిమాల్ని కొన్ని చిత్రోత్సవాలు తీసుకోవు. కాబట్టి పాస్‌వర్డ్ ఉన్న లింకు ఇస్తామనీ, దాన్ని బయట పంచవద్దనీ మొదటే చెప్పాలి. పరీక్షలు అడ్డొచ్చి ఆలస్యమైతే ఆ ముక్క కూడా మద్దతుదారులకు రాయాలి. ఆలస్యాన్ని చాలామంది క్షమిస్తారు, మౌనాన్ని క్షమించరు.

ఇలాంటి విన్నపం మీ దగ్గరికి వస్తే ముందు బడ్జెట్ వివరం చదవండి. సంగీతానికి ఎంత, శబ్దానికి ఎంత, కానుకలకు ఎంత అని విడివిడిగా రాసి ఉంటే ఇవ్వండి. టీషర్టు మాత్రం వద్దనండి.