శని దశమంలోనా, లాభంలోనా?

కంప్యూటర్‌లో వేయించిన జాతకంలో రాశి చక్రం పక్కనే భావ చక్రం అని ఇంకో పెట్టె ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్నే ‘చలిత్’ అంటాయి. రాశి చక్రంలో పదో ఇంట ఉన్న శని అక్కడ పదకొండులో కనిపించేసరికి, ఏది తప్పు అన్న అనుమానం మొదలవుతుంది. రెండూ తప్పు కాదు. రెండూ వేర్వేరు కొలతలు.

రాశి చక్రంలో లగ్నం ఏ రాశిలో పడితే ఆ రాశి మొత్తం ఒకటో ఇల్లు. వృషభంలో 1వ డిగ్రీలో ఉదయించినా, 29వ డిగ్రీలో ఉదయించినా తేడా లేదు. భావ చక్రం మాత్రం ఆ డిగ్రీని పట్టించుకుంటుంది. లగ్నం సరిగ్గా ఎక్కడుందో అది ఒకటో భావానికి మధ్య బిందువు, అంటే భావ మధ్యం. భావం దానికి రెండు వైపులా పరుచుకుంటుంది. ఒక భావం ముగిసి మరొకటి మొదలయ్యే చోటు భావ సంధి. గ్రహం ఆ సంధి దాటితే తర్వాతి భావంలో ఉన్నట్టు లెక్క.

సమభావ పద్ధతిలో ఇది తేలిక. మధ్యానికి అటు 15, ఇటు 15 డిగ్రీలు. లగ్నం రాశి మొదట్లో, గ్రహం తన రాశి చివర్లో ఉంటే ముందు ఇంటికి జరుగుతుంది. లగ్నం చివర్లో, గ్రహం మొదట్లో ఉంటే వెనకింటికి పోతుంది. మనవైపు జ్యోతిష్కులు ఎక్కువగా వాడే శ్రీపతి పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. అందులో దశమ భావ మధ్యాన్ని విడిగా గణిస్తారు. దానికీ లగ్నానికీ మధ్య దూరాన్ని మూడు సమభాగాలు చేస్తే 11, 12 భావాల మధ్యాలు వస్తాయి. రెండు మధ్యాల సగం దూరంలో సంధి.

ఒక జాతకం చూద్దాం. పుట్టింది హైదరాబాద్‌లో, లగ్నం వృషభం 6 డిగ్రీలు, శని కుంభంలో 14 డిగ్రీలు. వృషభానికి కుంభం పదో రాశి. శనికి స్వక్షేత్రం, పైగా కేంద్రం, కాబట్టి శశ యోగం అంటారు. ఇప్పుడు డిగ్రీలు చూడండి. ఈ లగ్నానికి హైదరాబాద్ అక్షాంశంలో దశమ మధ్యం కుంభంలో పడదు, మకరం 25 దగ్గర పడుతుంది. పదకొండో మధ్యం కుంభం 28న్నర. రెంటికీ నడుమ సంధి సుమారు కుంభం 11 డిగ్రీల 40 నిమిషాలు. శని దాన్ని దాటాడు. శ్రీపతి ప్రకారం అతను లాభ భావంలో ఉన్నట్టే. సమభావంలోనైతే దశమం కుంభం 21 దాకా సాగుతుంది కాబట్టి కదలడు.

మరి యోగం పోయిందా? పోలేదు. ఆధిపత్యం, స్వక్షేత్రం, ఉచ్ఛ నీచలు, దృష్టి, యోగాలు రాశి చక్రం నుంచే చూడాలి. భావ చక్రం చూసి శనికి కొత్త ఆధిపత్యం అంటగట్టడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. ఫలితం ఏ విషయంలో అన్న ఒక్క ప్రశ్నకే భావ చక్రాన్ని అడగాలి. ఈ శని కుంభ బలంతోనే ఉంటాడు. ఆ బలం ఉద్యోగ హోదాతో పాటు ఆదాయం వైపూ మళ్ళుతుందని చెబుతారు.

ఎంత మళ్ళుతుంది? మధ్యంలో ఉన్న గ్రహం భావ ఫలం పూర్తిగా ఇస్తుంది, సంధిలో ఉంటే ఏమీ ఇవ్వదు, నడుమ దూరాన్ని బట్టి తగ్గుతుంది. సంధి నుంచి పదకొండో మధ్యానికి దాదాపు 17 డిగ్రీలు. శని అందులో నడిచింది రెండున్నర కూడా లేదు. అంటే ఏడో వంతు. ఇల్లు మారిందని హడావిడిగా చెప్పే జాతకాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. అప్పుడే సంధి దాటిన గ్రహం కొత్త భావంలో బలహీనం. అదే శని కుంభం 26లో ఉంటే పదకొండుకు గట్టిగా చెప్పొచ్చు.

కృష్ణమూర్తి పద్ధతిలో లెక్కే వేరు. అక్కడ లగ్న డిగ్రీ భావానికి మధ్యం కాదు, ఆరంభం. వృషభం 6 లగ్నమైతే వృషభం 3లో ఉన్న చంద్రుడు పన్నెండులోకి పోతాడు. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ గీసిన చలిత్ ఏ పద్ధతిదో సెట్టింగుల్లో ముందు చూసుకోవాలి.

ఇక పుట్టిన సమయం. లగ్నం సగటున నాలుగు నిమిషాలకో డిగ్రీ కదులుతుంది, సంధులూ దాని వెంటే జరుగుతాయి. మన ఉదాహరణలో బిడ్డ పావుగంట ఆలస్యంగా పుట్టి ఉంటే సంధి కుంభం 15 దాటిపోయేది, శని దశమంలోనే మిగిలేవాడు. ఆసుపత్రి కాగితం మీద నిమిషాలు సున్నాతోనో, అయిదుతోనో ముగిస్తే, సంధికి రెండు మూడు డిగ్రీల్లో ఉన్న గ్రహం గురించి నేనైతే రాశి చక్రం చెప్పిందే చెప్పి ఊరుకుంటాను.