గానుగ మనిషి రాకపోతే నూనె డెలివరీ ఎన్ని రోజులు ఆగుతుంది? కస్టమర్లకు ఏం చెప్పాలి?

పండించిన పల్లీలను గానుగ ఆడించి, నేరుగా నూనె అమ్ముకునే వాళ్ల కోసం ఈ పోస్టు. గానుగ పని పై వీడియోలో ఉంది. మనుషులు లేక డెలివరీ ఆగినప్పుడు కస్టమర్‌కి ఏ తేదీ చెప్పాలి, ఎలా చెప్పాలి అనేది ఇక్కడ రాస్తున్నాను.

మా మేళ్లచెరువులో శివరాత్రికి శంభులింగేశ్వర స్వామి జాతర, ఎడ్ల పందేలు జరుగుతాయి. ఆ రోజుల్లో పనికి రమ్మని ఎవరినీ అడగలేం, అడగకూడదు కూడా. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం వచ్చింది. మా గానుగ ఆడించే అన్న 24 నుంచే సెలవు చెప్పాడు. ఆ రెండు రోజులు ఆడించాల్సిన రెండో అతనికి సోమవారం పొద్దున్నే జ్వరం వచ్చింది. చేతిలో 60 లీటర్ల ఆర్డర్ ఉంది, మార్చి 4కి ఇస్తామని చెప్పి ఉన్నాం. ఇద్దరూ మళ్లీ పనికొచ్చేది మార్చి 3, సోమవారం.

ఇలాంటప్పుడు చాలామంది "3వ తేదీ తర్వాత పంపిస్తాం" అని మెసేజ్ పెట్టేస్తారు. కస్టమర్ 4న ఎదురుచూస్తాడు, 5న ఫోన్ చేస్తాడు. మనిషి వచ్చే తేదీ వేరు, నూనె చేరే తేదీ వేరు. లెక్క ఇలా వేసుకోవాలి.

మా చెక్క గానుగలో ఒక వాయికి 12 కిలోల పల్లి గింజలు పడతాయి. దానికి నాలుగున్నర నుంచి ఐదు లీటర్ల నూనె వస్తుంది, దాదాపు గంట పడుతుంది. 60 లీటర్లకు 12 నుంచి 14 వాయిలు, అంటే సోమ, మంగళ రెండు రోజులూ ఆడించడమే. తర్వాత బుధ, గురు, శుక్రవారాలు నూనె తేరుకోవాలి. శనివారం బట్టలో వడగట్టి సీసాలకు పడతాం. సోమవారం, 10న కోదాడ నుంచి బస్సు పార్సిల్‌లో వేస్తే హైదరాబాద్ వాళ్లకు 11న అందుతుంది. నేను 12 అని చెప్పాను. ఒకరోజు ముందు అందితే ఎవరూ అడగరు, ఒకరోజు ఆలస్యమైతే రెండోసారి మాట తప్పినట్టు.

"మూడు రోజులు తేర్చకుండా పంపొచ్చు కదా" అని ఒక మిత్రుడు అడిగాడు. పంపొద్దు. మడ్డి దిగకముందే సీసా పడితే అడుగున పిండిలా పేరుకుంటుంది, పెనం మీద నురగ వస్తుంది, త్వరగా మక్కు వాసన పడుతుంది. కస్టమర్ దాన్ని కల్తీ అనుకుంటాడు.

పోనీ కొత్త మనిషిని పెట్టి ఆడిద్దామా అంటే, అదీ కష్టమే. గానుగలో పల్లీ నలిగేటప్పుడు కాసిని నీళ్లు చల్లుతారు. ఎప్పుడు, ఎంత అనేది చేతికి తెలియాలి. తక్కువైతే పిండి నూనె వదలదు. ఎక్కువైతే నూనెలో తడి మిగిలి సీసా మబ్బుగా కనిపిస్తుంది, కాగేటప్పుడు చిటపటలాడుతుంది, నిల్వ ఉండదు. 60 లీటర్ల మీద ఆ ప్రయోగం చేయలేం.

ఇక మెసేజ్. మేము 24 మధ్యాహ్నమే, ఆర్డర్ తేదీకి ఎనిమిది రోజుల ముందే, ఇది పంపాం:

"నమస్కారం. మా గానుగ పనివాళ్లు ఈ వారం అందుబాటులో లేరు. మార్చి 4న అందాల్సిన మీ పల్లి నూనె మార్చి 12లోపు అందుతుంది. బియ్యం సిద్ధంగా ఉంది, విడిగా ముందే పంపమంటారా? అందుకు అదనపు ఛార్జీ లేదు. అంతవరకు ఆగలేకపోతే 'వద్దు' అని పెట్టండి, కట్టిన డబ్బు అదేరోజు వాపసు వేస్తాం. ఇబ్బందికి క్షమించండి."

జ్వరం సంగతి రాయలేదు చూడండి. పనివాళ్ల ఆరోగ్యం వాళ్ల సొంత విషయం, కస్టమర్‌కి కావాల్సింది తేదీ. "అనివార్య కారణాల వల్ల" అని కూడా రాయొద్దు, అది సర్కారు నోటీసులా ఉంటుంది, ఏదో దాస్తున్నామనిపిస్తుంది.

ఇంకొక చిక్కు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. సాయంత్రానికి డబుల్ టిక్ పడని వాళ్లను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ "నాకు నూనె రెండు రోజుల్లో అయిపోతుంది బాబూ" అంది. షాపులో చూపించడానికి పెట్టిన పాత వాయి రెండు లీటర్లు ఆమెకే పంపాం. ఇద్దరు వద్దన్నారు, వాళ్ల డబ్బు ఆ రాత్రే వేసేశాం. మిగతావాళ్లు ఆగారు.

10న పార్సిల్ వేశాక రశీదు ఫోటో తీసి అందరికీ పంపాం.