4.45 అని కొడితే పాస్, 4:45 అని కొడితే ఫెయిల్: పరుగు లెక్కలో ఒక్క చుక్క తేడా

పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు పరుగు లెక్కలు కూడా ఫోన్‌లోనే నడుస్తున్నాయి. అన్న గ్రౌండ్‌లో పరుగెత్తి వస్తాడు, చెల్లెలు ఆ టైమ్‌ను ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో రాసిపెడుతుంది. యాప్ రోజూ చూపించేది పేస్, అంటే ఒక కిలోమీటరుకు పట్టిన నిమిషాలు, సెకన్లు. పరీక్షలో అడిగేది మాత్రం మొత్తం టైమ్. తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. పేస్ నుంచి మొత్తం టైమ్ రాబట్టడం చిన్న గుణకారమే. కానీ ఆ పేస్‌ను షీట్‌లో ఎలా టైప్ చేశారన్న దాని మీదే జవాబు ఆధారపడుతుంది.

ఒక అభ్యర్థి పేస్ కిలోమీటరుకు 4 నిమిషాల 45 సెకన్లు అనుకుందాం. చాలామంది దాన్ని గడిలో 4.45 అని కొడతారు. 1600 మీటర్లంటే 1.6 కిలోమీటర్లు కాబట్టి 1.6తో గుణిస్తారు. జవాబు 7.12 వస్తుంది. చూడగానే 7 నిమిషాల 12 సెకన్లు అనిపిస్తుంది, మూడు సెకన్ల ముందే పాస్ అని ఇంట్లో అందరూ సంతోషపడతారు. అసలు లెక్క అది కాదు. 4 నిమిషాల 45 సెకన్లు అంటే 285 సెకన్లు. దాన్ని 1.6తో గుణిస్తే 456 సెకన్లు, అంటే 7 నిమిషాల 36 సెకన్లు. గడువు దాటి 21 సెకన్లు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, చుక్క పెట్టగానే షీట్ దాన్ని మామూలు దశాంశ సంఖ్య అనుకుంటుంది. దానికి 4.45 అంటే నాలుగు నిమిషాలు, ఇంకో నిమిషంలో వందకు 45 వంతులు. అది 27 సెకన్లు మాత్రమే. నిమిషానికి 60 సెకన్లు, కానీ దశాంశం వందల్లో లెక్క పెడుతుంది. అందుకే చుక్కతో రాసిన పేస్ ఎప్పుడూ అసలు కంటే వేగంగా కనిపిస్తుంది. తప్పు జరిగినా షీట్ ఎర్రగీత పెట్టదు, హెచ్చరిక ఇవ్వదు.

సరిగ్గా టైప్ చేయడం ఎలా

చుక్క బదులు కోలన్ పెడితే సగం పని అయినట్టే. మిగతా సగం ఏమిటంటే, 4:45 అని మాత్రమే కొడితే షీట్ దాన్ని 4 గంటల 45 నిమిషాలు అనుకుంటుంది. రెండు అంకెల మధ్య ఒక్క కోలన్ ఉంటే అది గంటలు, నిమిషాలే అని దాని లెక్క. కాబట్టి ముందు సున్నా గంటలు కూడా పెట్టి ఇలా రాయాలి:

```
0:04:45
```

గడిలో ఏముందో అనుమానం వస్తే ఆ గడిని నొక్కి పైన ఫార్ములా బార్‌లో చూడాలి. ఎక్సెల్‌లో అక్కడ 12:04:45 AM అని ఉంటే కంగారు పడనక్కర్లేదు, అర్ధరాత్రి దాటి 4 నిమిషాల 45 సెకన్లు అని దాని అర్థం, మనకు కావలసింది అదే. 4:45:00 AM అని ఉంటే మాత్రం అది గంటల కింద పడిపోయినట్టు.

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే కింద వచ్చే ఫార్ములాలన్నీ తేలికవుతాయి. షీట్ టైమ్‌ను లోపల రోజులో ఎంత భాగం అన్న లెక్కతో దాచుకుంటుంది. ఒక రోజు అంటే 1. పన్నెండు గంటలు అంటే 0.5. మన 4 నిమిషాల 45 సెకన్లు దానికి 0.0033 దగ్గర ఉండే చిన్న సంఖ్య. 24తో గుణిస్తే గంటలు వస్తాయి, 86400తో గుణిస్తే సెకన్లు వస్తాయి.

పేస్ నుంచి వేగం

జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాళ్లకు పేస్ కంటే వేగం అవసరం, ఎందుకంటే మిషన్ మీద సెట్ చేసేది గంటకు ఎన్ని కిలోమీటర్లు అనే. పేస్ A2 గడిలో ఉందనుకుంటే B2లో ఇలా రాయాలి:

```
=1/(A2*24)
```

A2ను 24తో గుణిస్తే ఒక కిలోమీటరుకు ఎన్ని గంటలు పట్టాయో వస్తుంది. ఒకటిని దానితో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో తేలుతుంది. 0:04:45కు జవాబు 12.63. కొన్నిసార్లు షీట్ ఈ జవాబును కూడా టైమ్ అనుకుని 15:09:28 లాంటిది చూపిస్తుంది. ఫార్ములా తప్పేమీ కాదు, ఆ గడి ఫార్మాట్‌ను నంబర్‌గా మారిస్తే 12.63 కనిపిస్తుంది. ఒకవేళ 0.21 అని వస్తే మాత్రం పేస్ గంటల కింద పడిందని తెలుసుకోవాలి. మనిషి నడిచినా గంటకు 0.21 కిలోమీటర్లు పోడు కదా.

పేస్ నుంచి ముగింపు టైమ్

పరీక్ష దూరం, గడువు రెండింటినీ పక్కన రెండు గడుల్లో పెట్టుకుంటే ఒకే షీట్ అన్నకూ చెల్లెలికీ పనికొస్తుంది. F1లో దూరం 1.6, F2లో గడువు 0:07:15 అని రాయాలి. తర్వాత C2లో ముగింపు టైమ్, D2లో గడువుతో తేడా:

```
=A2*$F$1
=ROUND((C2-$F$2)*86400,1)
```

C2 గడికి ఫార్మాట్ `[m]:ss` అని ఇస్తే 7:36 అని చక్కగా కనిపిస్తుంది. D2 గడి నంబర్ ఫార్మాట్‌లో ఉండాలి. అందులో 21 వస్తుంది, అంటే 21 సెకన్లు ఆలస్యం. మైనస్ వస్తే గడువుకు ముందే చేరినట్టు. పేస్ 0:04:30 అయితే -3 వస్తుంది, పాస్. 0:04:32 అయితే 0.2 వస్తుంది, అంటే సెకనులో ఐదో వంతు తేడాతో ఫెయిల్. తేడాను 86400తో గుణించి సెకన్లుగా మార్చడానికి కారణం ఉంది. ఎక్సెల్ మైనస్ టైమ్‌ను చూపించలేక గడి నిండా ##### పెడుతుంది. సెకన్లుగా మార్చాక అది మామూలు సంఖ్య, ఆ ఇబ్బంది ఉండదు.

గడువుకు సరిపడే వేగం కావాలంటే దూరాన్ని గడువు గంటలతో భాగించాలి:

```
=F1/(F2*24)
```

1600 మీటర్లకు 13.24 వస్తుంది. ట్రెడ్‌మిల్ మీద 13.2 పెట్టుకుని ఇదే చాలు అనుకుంటే 7 నిమిషాల 16 సెకన్లు దాటుతుంది. 13.3 పెట్టుకోవాలి. చెల్లెలి కోసం F1లో 0.8, F2లో 0:05:20 పెడితే సరిగ్గా 9 వస్తుంది, అది కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్ల పేస్.

ఇప్పటికే తప్పుగా రాసిన నెల రోజుల లెక్క

పాత షీట్ మొత్తం మళ్లీ టైప్ చేయనక్కర్లేదు. పక్కన ఒక కొత్త వరుస తీసుకుని మార్చుకోవచ్చు. 4:45 అని గంటల కింద పడిన వాటికి మొదటి ఫార్ములా, 4.45 అని చుక్కతో రాసిన వాటికి రెండోది:

```
=A2/60
=TIME(0,INT(A2),ROUND(MOD(A2,1)*100,0))
```

మొదటిది గంటలను నిమిషాలుగా, నిమిషాలను సెకన్లుగా దించేస్తుంది. రెండోది చుక్కకు ముందున్న దాన్ని నిమిషాలుగా, తర్వాతి రెండు అంకెలను సెకన్లుగా తీసుకుంటుంది. 4.30 అని కొట్టినప్పుడు షీట్ చివరి సున్నా తీసేసి 4.3 చూపించినా ఈ ఫార్ములా 30 సెకన్లనే తీసుకుంటుంది. కానీ ఒకరోజు ఎవరైనా నాలుగున్నర నిమిషాలు అనే అర్థంలో 4.5 అని రాసి ఉంటే అది 4 నిమిషాల 50 సెకన్లుగా మారిపోతుంది. 4 నిమిషాల 5 సెకన్లను 4.05 బదులు 4.5 అని రాసినా అంతే. అలాంటి గడులను ఫోన్ యాప్‌లోని పాత రికార్డుతో పోల్చి చూడాల్సిందే.

ఒక కిలోమీటరు పేస్ చివరిదాకా నిలవదు

ఇప్పటిదాకా చెప్పిన గుణకారం ఒక్క షరతు మీద నిలబడింది. ఆ పేస్ 1600 మీటర్లు మొత్తం మారకుండా ఉండాలి. రోజూ ప్రాక్టీస్‌లో ఒకే కిలోమీటరు గట్టిగా పరుగెత్తి, ఆ పేస్‌ను 1.6తో గుణిస్తే జవాబు తీయగా వస్తుంది, నిజం కాదు. దూరం పెరిగేకొద్దీ పేస్ కొంత పడిపోతుంది. ఈ తగ్గుదలను లెక్క కట్టడానికి అమెరికా ఇంజనీరు పీట్ రీగెల్ 1977లో ఒక సూత్రం ఇచ్చారు. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో ఆ సంఖ్యను 1.06 ఘాతానికి పెంచి టైమ్‌తో గుణించాలి. A2లో ఒక కిలోమీటరును పూర్తి శక్తితో పరుగెత్తిన టైమ్ ఉంటే:

```
=A2*(1.6/1)^1.06
```

ఒక అబ్బాయి కిలోమీటరును 4 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేశాడనుకుందాం. మామూలు గుణకారం 7 నిమిషాల 4 సెకన్లు అంటుంది, చేతిలో 11 సెకన్లు మిగిలినట్టు. రీగెల్ లెక్క 7 నిమిషాల 16 సెకన్లు అంటుంది, అంటే ఒక సెకను ఆలస్యం. అదే పరుగు, అదే షీట్, రెండు ఫార్ములాల మధ్య 12 సెకన్ల తేడా.

ఈ సూత్రానికీ హద్దులున్నాయి. సుమారు మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా సాగే పరుగులకు ఇది సరిపోతుందని రీగెల్ చెప్పారు. అందుకే 200 మీటర్ల టైమ్ నుంచి 1600 మీటర్ల జవాబు తీయకూడదు. పైగా అది బాగా సాధన చేసిన అథ్లెట్ల రికార్డుల నుంచి వచ్చిన లెక్క. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల పేస్ ఇంకా ఎక్కువ పడిపోవచ్చు. ఆరాంగా పరుగెత్తిన రోజు టైమ్ వేస్తే కూడా జవాబుకు అర్థం ఉండదు.

కాబట్టి వారానికో పదిహేను రోజులకో ఒకసారి 400 మీటర్ల ట్రాక్ లోపలి లేన్‌లో నాలుగు రౌండ్లు పూర్తిగా పరుగెత్తి, స్టాప్‌వాచ్ టైమ్‌ను షీట్‌లో వేరే వరుసలో రాసుకోవాలి. ఆ టైమ్‌కు ఏ ఫార్ములా అక్కర్లేదు. పక్కన రీగెల్ జవాబు ఉంటే, ఆ అబ్బాయి విషయంలో ఆ లెక్క ఎన్ని సెకన్లు అటూ ఇటూ పోతోందో రెండు మూడు పరుగుల్లోనే తెలిసిపోతుంది. గడువు 7:15 అంటే రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్ల చొప్పున, ఇంకో ముప్పావు సెకను. మొదటి రౌండ్ 1:35లో వచ్చి నాలుగోది 2:05 అవుతుంటే, సరి చేయాల్సింది షీట్‌ను కాదు, మొదటి రౌండ్ పరుగును.