నలభై పైసలకు ఎన్ని నాణేలు?

1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి వంద పైసల లెక్క మొదలైంది. అణాలు పోయాయి గానీ నాలుగణాల విలువ 25 పైసలుగా, జనం నోట పావలాగా నిలిచిపోయింది. 1968లో 20 పైసల నాణెం వచ్చింది. తర్వాత 1982 నుంచి అదే ఆరు పలకల అల్యూమినియం బిళ్లగా చేతులు మారింది. 2011 జూన్ 30తో పావలా, దానికన్నా చిన్న నాణేలు అన్నీ చెల్లకుండా పోయేదాకా ఈ రెండు విలువలూ పక్కపక్కనే చెల్లుతూ వచ్చాయి. అల్గారిథమ్స్ పాఠంలో కాయిన్ ఛేంజ్ లెక్క చెప్పడానికి ఎక్కడెక్కడి నాణేలో ఊహించుకోనక్కర్లేదు. ఈ జంట చాలు.

లెక్క ఇది. 5, 10, 20, 25 పైసల నాణేలు కావలసినన్ని ఉన్నాయి. 40 పైసల చిల్లర ఇవ్వాలి. వీలైనంత తక్కువ నాణేలతో ఇవ్వాలంటే ఎన్ని కావాలి?

చిల్లర ఇచ్చే చెయ్యి సహజంగా పెద్ద నాణెం వైపే పోతుంది. ముందు పావలా తీస్తుంది. మిగిలిన 15కి పది, ఆపైన ఐదు. మొత్తం మూడు నాణేలు. దీన్ని గ్రీడీ పద్ధతి అంటారు: ప్రతి అడుగులో పట్టేంత పెద్ద నాణెం తీసుకోవడం, తీసుకున్నదాన్ని మళ్లీ తిరగదోడకపోవడం. కానీ 40కి రెండు ఇరవైలు సరిపోతాయి. గ్రీడీ ఓడిపోయింది. ఎందుకు ఓడిందో చూడండి. పావలా తీసిన వెంటనే మిగిలిన 15 ఒక్క నాణెంతో తీరేది కాదు. ఇరవై తీస్తే మిగిలేది మరో ఇరవై, అది ఒక్కదానితో తీరిపోతుంది. తీసిన నాణెం ఎంత పెద్దదన్నది కాదు, అది వెనక ఎలాంటి మొత్తాన్ని మిగిల్చి పోతుందన్నదే అసలు సంగతి. గ్రీడీ ఆ మిగులు వైపు చూడదు.

ఇక్కడి నుంచే డైనమిక్ ప్రోగ్రామింగ్ మొదలవుతుంది. ఈ పద్ధతికి రూపమిచ్చిన అమెరికన్ గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ అదే పేరుతో రాసిన పుస్తకం కూడా, మన పైసలు వచ్చిన ఆ 1957లోనే అచ్చయింది. ఆయన చెప్పిన ఉత్తమత సూత్రాన్ని మన చిల్లరకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. 40 పైసలకు అన్నిటికన్నా తక్కువ నాణేలున్న కూర్పు మన చేతిలో ఉందనుకోండి. అందులోంచి ఏదో ఒక నాణెం, ఇరవై అనుకుందాం, పక్కన పెట్టండి. మిగిలిన నాణేలు 20 పైసలకు అతి తక్కువ కూర్పై తీరాలి. కాకపోతే, 20కి అంతకన్నా తక్కువ నాణేల కూర్పు తెచ్చి దాని స్థానంలో పెట్టి, పక్కన పెట్టిన ఇరవైని మళ్లీ కలపండి. 40కి మనం అన్నిటికన్నా తక్కువ అనుకున్నదానికన్నా తక్కువలో కూర్పు వచ్చేస్తుంది. అది కుదరదు కదా. కాబట్టి మంచి కూర్పులోని ముక్క కూడా మంచి కూర్పే. పద్ధతి మొత్తానికి ఆధారం ఈ నాలుగు వాక్యాల వాదనే. పరీక్షలో ఫార్ములా రాసి దీన్ని వదిలేస్తే జవాబు సగమే రాసినట్టు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చివరి నాణెం ఏది? అది ఐదు అయితే మిగతాది 35, పది అయితే 30, ఇరవై అయితే 20, పావలా అయితే 15. ఆ నాలుగు మొత్తాలకూ జవాబులు తెలిస్తే, వాటిలో అతి చిన్నదానికి ఒకటి కలపడమే మిగిలిన పని. నాణెం విలువను c అనుకుంటే సూత్రం ఇలా వస్తుంది:

```
dp[0] = 0
dp[x] = min(dp[x - c] + 1)
```

రెండో వరుసలో x కన్నా పెద్దది కాని ప్రతి c నీ చూడాలి. సున్నా పైసలకు సున్నా నాణేలన్న మొదటి వరుస చాలా చిన్నగా కనిపిస్తుంది గానీ, పట్టిక మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు, తనను తాను పిలుచుకునే ఫంక్షన్‌గా రాస్తే జవాబు సరిగానే వస్తుంది. కానీ పని కొండలా పెరుగుతుంది. 40 కోసం 35ని అడుగుతుంది, 30ని అడుగుతుంది. 35 మళ్లీ 30ని అడుగుతుంది. ముందే తేల్చిన విషయం గుర్తులేక ప్రతిసారీ మొదటి నుంచి లెక్కిస్తుంది. 40 పైసల జవాబు తేలేసరికి 15 పైసల లెక్క 11 సార్లు, 5 పైసల లెక్క 36 సార్లు జరుగుతుంది. మొత్తం పిలుపులు 145. అదే నాలుగు నాణేలతో రూపాయికి చేస్తే పిలుపులు 1,82,580 అవుతాయి. నిజానికి తెలుసుకోవాల్సిన వేర్వేరు మొత్తాలు ఎన్ని? సున్నా నుంచి వంద దాకా ఐదేసి చొప్పున 21 మాత్రమే. ఒకసారి తేల్చినదాన్ని రాసి పెట్టుకుంటే ఆ 21 గడులతో పని అయిపోతుంది.

పట్టికను చేత్తో నింపి చూద్దాం. 5కి ఒకటి, 10కి ఒకటి. 15కి చివరి నాణెం ఐదైనా పదైనా ఇంకో నాణెం కావాలి కాబట్టి రెండు. 20కి ఒకటి, 25కి ఒకటి. 30కి పావలా, ఐదు కలిపి రెండు. 35కి పావలా, పది కలిపి రెండు. ఇక 40. చివరి నాణెం ఐదైతే 35 గడిలోని రెండుకు ఒకటి కలిపి మూడు. పదైతే 30 గడిలోని రెండుకు ఒకటి, మళ్లీ మూడు. పావలా అయితే 15 గడిలోని రెండుకు ఒకటి, అదీ మూడే. ఇరవై అయితే 20 గడిలోని ఒకటికి ఒకటి, రెండు. అదే జవాబు.

```
పైసలు   0  5  10  15  20  25  30  35  40
నాణేలు  0  1   1   2   1   1   2   2   2
```

గ్రీడీ ఎక్కడ తప్పటడుగు వేసిందో ఈ పట్టికే చూపిస్తుంది. 15 గడిలో రెండు ఉంది, 20 గడిలో ఒకటి ఉంది. చిన్న మొత్తానికి ఎక్కువ నాణేలు పట్టాయి.

నాణేల సంఖ్య తెలిస్తే చాలదు, ఏ నాణేలో కూడా చెప్పాలి. అందుకు ప్రతి గడిలో గెలిచిన చివరి నాణెం ఏదో పక్కనే రాసుకోవాలి. పైథాన్‌లో మొత్తం ఇంతే:

```python
def min_coins(coins, amount):
    INF = amount + 1
    dp = [0] + [INF] * amount
    last = [0] * (amount + 1)
    for x in range(1, amount + 1):
        for c in coins:
            if c <= x and dp[x - c] + 1 < dp[x]:
                dp[x] = dp[x - c] + 1
                last[x] = c
    return dp, last
```

`last[40]` లో 20 ఉంటుంది. 40 లోంచి 20 తీస్తే 20. `last[20]` లోనూ 20. తీస్తే సున్నా, నడక ఆగిపోతుంది. నడిచిన దారే కూర్పు.

`INF` గురించి ఒక మాట చెప్పాలి. అన్నిటికన్నా చిన్న నాణెం ఒకటి అయినా, 40కి నలభై నాణేల కన్నా ఎక్కువ ఎప్పుడూ పట్టవు. అందుకే 41 అంటే అసాధ్యం అని అర్థం. దాని బదులు -1 పెట్టేవాళ్లు ఉంటారు. అప్పుడు అసాధ్యమైన గడి అన్నిటికన్నా చవకగా కనిపించి, `min` దాన్నే ఎంచుకుంటుంది. పట్టికలో రుణ సంఖ్యలో, ఒక్క నాణెం విలువకూ సమానం కాని మొత్తం దగ్గర సున్నా, ఒకటి లాంటివో కనిపిస్తే పొరపాటు అక్కడే ఉందని గ్రహించాలి. అసాధ్యమన్నది ఊహ కాదు. నాణేలు 10, 25 మాత్రమే ఉంటే 5 పైసలు, 15 పైసలు ఇవ్వలేం. 30 మాత్రం ఇవ్వగలం, మూడు పదులతో. గ్రీడీ అక్కడ పావలా తీసుకుని, మిగిలిన ఐదు దగ్గర దారి లేక నిలిచిపోతుంది. అంటే అది ఎక్కువ నాణేలు ఇవ్వడమే కాదు, ఉన్న జవాబును కూడా చేజార్చుకోగలదు.

మరి గ్రీడీ ఎప్పుడు సరిపోతుంది? ఇప్పుడు చెల్లుతున్న 1, 2, 5, 10, 20 రూపాయల నాణేలకు సరిపోతుంది. ఒక నాణేల వరుసను చూసి ఈ మాట చెప్పడానికి మంచి దారి ఉంది. 1994లో డెక్స్‌టర్ కోజెన్, ష్ముయెల్ జాక్స్ ఒక హద్దు నిరూపించారు. అతి చిన్న నాణెం విలువ 1గా ఉన్న వరుసలో గ్రీడీ ఎక్కడైనా తప్పేటట్టయితే, అలా తప్పే అతి చిన్న మొత్తం మూడో చిన్న నాణెం కంటే ఒకటి ఎక్కువైన విలువకు పైన, అన్నిటికన్నా పెద్దవైన రెండు నాణేల మొత్తానికి కింద ఉంటుంది. మన నాణేలను ఐదేసి పైసల లెక్కన చూస్తే 1, 2, 4, 5. కాబట్టి 5కు పైన, 9కి కింద వెతకాలి: 6, 7, 8. ఈ మూడింటినీ పట్టికతో సరిపోల్చితే చాలు. 6, 7 దగ్గర గ్రీడీ నెగ్గుతుంది, 8 దగ్గర ఓడుతుంది. ఆ 8 మన 40 పైసలే.

ఇలా ఐదుతో భాగించి చూడటం వల్ల ఇంకో లాభం ఉంది. పైసల్లో రాస్తే కోడ్ 41 గడులు నింపుతుంది, ఐదేసి పైసల లెక్కన రాస్తే తొమ్మిదే. ఈ పద్ధతికి పట్టే సమయం నాణేల రకాల సంఖ్యను మొత్తంతో గుణించినంత. మొత్తానికి ఒక సున్నా తగిలిస్తే రాతలో పెరిగింది ఒక్క అంకె, పట్టిక మాత్రం పదిరెట్లవుతుంది. అందుకే దీన్ని నిజమైన పాలినామియల్ పద్ధతిగా లెక్కించరు, సూడో పాలినామియల్ అంటారు. పైసలతో మొదలై కోట్ల దాకా పోయే మొత్తాలకు ఈ పట్టిక మెమరీలో పట్టదు.

చివరగా, ఈ పట్టిక ప్రతి నాణెం ఎన్నైనా దొరుకుతుందని నమ్ముకుని నడుస్తుంది. గల్లాపెట్టెలో ఒక్కో రకం ఒక్కటే ఉంటే 40కి జవాబు మూడుకు మారుతుంది: పావలా, పది, ఐదు. కోడ్‌లోనూ లూపుల వరుస మారాలి. నాణెం లూపు బయటికి వస్తుంది, మొత్తం లూపు పెద్ద విలువ నుంచి చిన్న విలువకు దిగుతుంది. పైకి ఎక్కితే ఏమవుతుందంటే, ఇరవై నాణెం వంతు వచ్చినప్పుడు 20 గడి ముందుగా ఒకటి అవుతుంది, కాసేపటికి 40 గడి ఆ కొత్త విలువనే చూసి రెండు అవుతుంది. ఉన్న ఒక్క ఇరవై రెండుసార్లు ఖర్చయిపోతుంది. కిందికి దిగితే 40 గడి నింపేటప్పటికి 20 గడిలో ఇరవై నాణేన్ని ఇంకా తాకని పాత విలువే ఉంటుంది.