గద్వాల చీర ఛాయాచిత్రంలో రంగు మార్పిడి: నేత, మడత, నిగారింపులను నిలుపుకొనే పద్ధతి

1. ఉపోద్ఘాతం:

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఇంటి నుండే చీరలు అమ్మే ఒక విక్రేత ఉన్నారనుకుందాం. గద్వాల చీర ఒకదానిని ఛాయాచిత్రం తీసి, అదే చీరను మరి నాలుగు రంగుల్లో చూపి, వచ్చిన కోరికను బట్టి నేయించాలన్నది వారి ఆలోచన. తెరపై చూపిన రంగు మగ్గంపై రాకపోతే చీర తిరిగి వస్తుంది. ఆ నష్టం చివరకు నేతకారునిపై పడే అవకాశం ఉంది. కనుక చిత్రంలో రంగు మార్చడమంటే, నేయబోయే బట్టను గురించి ముందుగా ఒక మాట ఇవ్వడమే. ఆ మాట నిలబడే విధానాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చీర నిర్మాణం - మార్చవలసిన భాగం:

సంప్రదాయ గద్వాల చీరకు మధ్యభాగం నూలుతోను, అంచు, కొంగు పట్టుతోను ఉంటాయి. అంచులో జరీ ఉంటుంది. నూలు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి దానికి మెరుపు తక్కువ. పట్టుపై కనిపించే తెల్లని మెరుపు దారం రంగు కాదు, దానిపై పడిన దీపపు కాంతి. అందువల్ల అంచును, కొంగును విడిచి, నూలు మధ్యభాగాన్ని మాత్రమే మాస్క్‌తో వేరుచేయాలి. మాస్క్ సరిహద్దు అంచు కలిసే చోట ఒకటి రెండు పిక్సెళ్ల మేర మెత్తగా ఉండాలి. మరీ పదునుగా ఉంటే కత్తిరించి అతికించినట్లు, మరీ మెత్తగా ఉంటే జరీపై కొత్త రంగు పాకినట్లు కనిపిస్తుంది.

3. గణన:

మడత నీడలో ఉన్నా వెలుగులో ఉన్నా దారం రంగు ఒక్కటే. మారేది దానిపై పడే వెలుగు. కాబట్టి పిక్సెల్‌పై కొత్త రంగును పూయకూడదు. పాత రంగుకు, కొత్త రంగుకు ఉన్న నిష్పత్తితో గుణించాలి. అప్పుడు నీడ నీడగానే, నేత గీత గీతగానే మిగులుతాయి. ఫైలులోని సంఖ్యలు కాంతి పరిమాణానికి నేరుగా అనుపాతంలో ఉండవు కనుక ముందుగా వాటిని కాంతి విలువలుగా మార్చుకోవాలి.

```
lin = (img / 255.0) ** 2.2
new = lin * (target / base)
m = mask[..., None]
out = m * new + (1 - m) * lin
result = 255 * out.clip(0, 1) ** (1 / 2.2)
```

ఇక్కడ `base` చిత్రంలో నీడ, మెరుపు లేని చోట తీసుకున్న సగటు రంగు. `target` కావలసిన రంగు. రెండూ కాంతి విలువల్లోనే ఉండాలి. `mask` విలువలు 0 నుండి 1 వరకు ఉంటాయి.

4. మూలచిత్రం ఎంపిక:

ఎర్ర చీరను ముదురు నీలంగా మార్చాలనుకుందాం. ఎరుపు సగటు (180, 30, 40), నీలం (30, 50, 130) అయితే, నీలి ఛానెల్‌ను సుమారు 13 రెట్లు పెంచవలసి వస్తుంది. ఆ ఛానెల్‌లో మొదటే సమాచారం స్వల్పం. అందులోని చుక్కల రొద కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. నేతను స్పష్టంగా పట్టిన ఎర్ర ఛానెల్ మాత్రం యాభయ్యో వంతుకు కుదించుకుపోతుంది. ఫలితంగా మడతల్లో మచ్చలు తేలి, నేత మాసిపోతుంది.

అదే (210, 205, 190) సగటు ఉన్న లేత గోధుమవన్నె చీరతో మొదలుపెడితే మూడు ఛానెళ్లూ తగ్గుతాయే గాని ఏదీ పెరగదు; నీలి ఛానెల్ 0.43 రెట్లవుతుంది. అన్ని రంగులకూ లేతరంగు చీరనే మూలంగా తీసుకోవడం మేలు. అయితే చిత్రంలో ఎక్కడా విలువ 255 వద్ద తెగిపోకూడదు. తెగినచోట నేత గీతలు అసలు నమోదే కావు. తర్వాత వాటిని తిరిగి తేలేము.

ముదురు చీర తన రంగును పక్కనున్న అంచుపైకి ప్రతిఫలింపజేస్తుంది. లేత మూలం నుండి చేసిన చిత్రంలో ఆ ఛాయ ఉండదు. అంచు మరీ శుభ్రంగా కనిపిస్తే, అది మార్చిన చిత్రమని పోల్చుకోవచ్చు.

5. పరిమితి:

పడుగు ఒక రంగు, పేక మరొక రంగు ఉన్న ధర్మవరం పట్టుచీరల వంటి వాటికి ఈ పద్ధతి వర్తించదు. వాటిలో చూసే కోణాన్ని బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక పైకి తేలి రంగే మారుతుంది. ఒకే నిష్పత్తితో గుణిస్తే రెండు దారాలూ కలిసి మారతాయి. నేతకారుడు పడుగును అలాగే ఉంచి పేకను మాత్రమే మార్చినప్పుడు వచ్చే చీరకు ఆ చిత్రం సరిపోలదు. అటువంటి చీరను నేసిన తరువాతే చిత్రం తీయడం ఉచితం.

6. ముగింపు:

`target` విలువను తెరపై రంగుల పట్టీ నుండి ఎంచుకోకూడదు. అద్దకం వేసిన నూలు చిలపను, చీరను తీసిన దీపం కిందనే, అదే కెమెరా అమరికతో తీసి, ఆ చిత్రం నుండి కొలవాలి. అప్పుడు చిత్రంలోని రంగు అద్దకంలో సాధ్యమైన రంగే అవుతుంది. నేత పూర్తయ్యాక చీరను అదే చోట పరచి చిత్రంతో పోల్చితే, తేడా అద్దకంలో వచ్చిందో, గణనలో వచ్చిందో తేలుతుంది.