త్యు, వూ, ఒక గ్లాసు

ఫ్రాన్స్‌లో చర్చిలో పెళ్ళి చేసుకునేవాళ్ళు కూడా ముందుగా మేరీకి, అంటే మేయరు కార్యాలయానికి వెళ్ళి చట్టప్రకారం పెళ్ళాడాల్సిందే. అక్కడ సాక్షులు ఇద్దరికి తగ్గకూడదు, నలుగురికి మించకూడదు. సాక్షిని తెమ్వాఁ అంటారు. పెళ్ళికూతురి తరఫున చాలాసార్లు ఆమె ప్రాణస్నేహితురాలే సంతకం పెడుతుంది. రాత్రి విందులో లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పేదీ ఎక్కువగా ఆమే.

ఆ నాలుగు మాటల్లో నాకు బాగా నచ్చేది సర్వనామాల నడక. ఫ్రెంచిలో త్యు అంటే నువ్వు, వూ అంటే మీరు. మన మీరు లాగే వూ కూడా గౌరవానికీ పనికొస్తుంది, బహువచనానికీ పనికొస్తుంది. అందుకే ఆ చిన్న ప్రసంగం ఎవరివైపు తిరిగితే ఆ మాట పట్టుకుంటుంది.

పెళ్ళికూతురు క్లేర్, పెళ్ళికొడుకు పోల్ అనుకుందాం. స్నేహితురాలు ముందు అతిథులతో మొదలుపెడుతుంది: "షేర్ జామి", ప్రియమైన మిత్రులారా. వాళ్ళందరూ వూ. తర్వాత క్లేర్ వైపు తిరుగుతుంది. "క్లేర్, పదేళ్ళుగా చూస్తున్నాను, నువ్వు ఒక్కసారీ వేళకు రాలేదు. సినిమాకి ఆలస్యం, రైలుకి ఆలస్యం. ఇవాళ మేరీకి మాత్రం అందరికంటే ముందొచ్చావు. పోల్, అప్పుడే నాకర్థమైంది, ఈసారి వ్యవహారం నిజమేనని!"

ఈ హాస్యంలోని పనితనమంతా మలుపులో ఉంది. ఆట పట్టించింది క్లేర్‌ని, గౌరవం దక్కింది పోల్‌కి. ఆలస్యం అనే అలవాటు ఆ గదిలో అందరికీ తెలిసిందే, కాబట్టి అత్తవారి వైపు పెద్దావిడ కూడా నవ్వగలదు. అదే పాత ప్రేమల ఊసెత్తినా, ఇద్దరికే తెలిసిన కాలేజీ సంగతి చెప్పినా సగం బల్లలు మౌనంగా ఉండిపోతాయి. అది హాస్యం తప్పిందనడానికి గుర్తు.

పోల్‌ని కూడా ఆమె త్యు అనే పిలుస్తుంది. మన పెళ్ళిలో అయితే స్నేహితురాలి భర్తని "మీరు" అంటాం, వరస కలిపి "బావగారూ" అని ఆటపట్టిస్తాం. అక్కడ ఆ వరస లేదు, నువ్వు అనడమే దగ్గరితనం.

చివర్లో ఆమె ఇద్దరినీ కలిపి చూస్తుంది. "మీరిద్దరూ పక్కపక్కన ఉంటే క్లేర్ గడియారం కూడా సరిగ్గా నడుస్తోంది." ఇంతసేపూ త్యు అన్న ఇద్దరినీ ఇప్పుడు వూ అంటోంది. అది దూరం పెట్టే మీరు కాదు, జంటని ఒక్కటి చేసే మీరు. విడివిడిగా పిలిచిన స్నేహితులు ఆ ఒక్క అక్షరంలో దంపతులవుతారు. అక్కడ కొంచెం ఆగితే చాలు, వినేవాళ్ళకి అందుతుంది.

ఇక "లెవోఁ నో వేర్", గ్లాసులు ఎత్తుదాం. "వీవ్ లే మారియే!", నవదంపతులు వర్ధిల్లాలి! గ్లాసు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. బల్ల మీదుగా ఒకరి చేతులు ఇంకొకరి చేతులకి అడ్డంగా వెళ్ళకూడదు, అది అశుభమంటారు. అందుకే పెద్ద బల్లల దగ్గర మొదటి గుక్క తాగడానికి కాస్త సమయం పడుతుంది.